పెట్టెలో పెరిగింది, లెక్కలో తగ్గింది

(బేగంబజార్‌లోని సంఘం గదిలో జరిగిన యువ సభ్యుల సమావేశంలో లెక్కల కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ మెట్లెక్కి గదిలోకి వచ్చే ముందు మీరంతా గిన్నెల దుకాణాల మధ్య నుంచే నడిచి వచ్చారు. ఇత్తడి, రాగి, స్టీలు, అల్యూమినియం అన్నీ ఇక్కడ కిలోల లెక్కన తూచి అమ్ముతారు. నిజాం అలీఖాన్ కాలంలో ఆయన బేగం ఈ స్థలాన్ని వర్తకులకు ఇచ్చిందనీ, అందుకే దీనికి బేగంబజార్ అనే పేరు వచ్చిందనీ చెబుతారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఇది లెక్కల మీద నడుస్తున్న బజారు. ఈ బజారులో కూర్చుని లెక్క తప్పితే నవ్వుకునేది మనల్ని చూసే. పోయిన ఏడాది మేం దాదాపు ఆ పనే చేశాం. ఎలా తప్పబోయామో, ఎక్కడ ఆగామో చెప్పడానికే ఈరోజు మీ ముందు నిలబడ్డాం.

సంగతి ఇది. 2024 దీపావళికి ముందు, దండారి వంటల కోసం కింది వీధిలో 40 వేల రూపాయల గిన్నెలు కొన్నాం. రెండు గంగాళాలు, అయిదు పెద్ద డేగిసాలు, బగోనెలు, గరిటెలు, వడ్డించే బేసిన్లు. అంతకు ముందు ప్రతి పండుగకూ గిన్నెలు కిరాయికి తెచ్చేవాళ్లం. ఆ తర్వాత 2025 మార్చి 31తో సంవత్సరం ముగిసింది. సర్వసభ్య సమావేశంలో కోశాధికారి అన్న లెక్క చదివాడు. ఏడాది మొదట్లో సంఘం దగ్గర 40 వేలు ఉంటే, ఏడాది చివర 50 వేలు ఉన్నాయి.

చప్పట్లు మోగాయి. పండుగ ఘనంగా చేశాం, గిన్నెలు సొంతం చేసుకున్నాం, పైగా పది వేలు మిగిలాయి. ఆ ఊపులో ఒక తమ్ముడు లేచి, సౌండు బాక్సులు, మైకు సెట్టు కూడా కొనేద్దాం, 45 వేలల్లో వస్తాయి అన్నాడు. చాలా చేతులు లేచాయి. అంతలో వెనక వరసలో కూర్చున్న ఒక చెల్లె అడిగింది: “అన్నా, 40 వేల గిన్నెలు కొన్న ఏడాది డబ్బులు తగ్గాలి గదా. పెరిగినయెట్ల?”

జవాబు మాలో ఎవరి దగ్గరా వెంటనే లేదు. కోశాధికారి అన్న ముఖం చిన్నబోయింది, ఎందుకంటే కొందరు ఆ ప్రశ్నను ఆయన నిజాయితీ మీద ప్రశ్నగా విన్నారు. అది కాదు. ఆయన చదివిన ప్రతి అంకె సరైనదే. మేం ఒక లెక్కను చదివి, రెండో లెక్క చెప్పాల్సిన మాటను దానితో చెప్పించాం. తప్పు అక్కడ ఉంది. మైకు సెట్టు నిర్ణయాన్ని రెండు వారాలు వాయిదా వేసి ఆ రెండో లెక్క రాశాం.

ముందు మొదటి లెక్క చూద్దాం. దీన్ని వసూళ్లు–చెల్లింపుల ఖాతా అంటారు. నగదు పుస్తకంలో ఏడాది పొడవునా తేదీల వారీగా రాసుకున్నదాన్ని పద్దుల వారీగా ఒక్క పేజీలోకి కూడితే అదే ఈ ఖాతా. ఎడమ పక్కన వచ్చిన డబ్బు, కుడి పక్కన పోయిన డబ్బు. మీకు సులువుగా ఉండాలని అంకెలను గుండ్రం చేసి ఇస్తున్నాం.

వసూళ్లు (2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు)
ప్రారంభ నిల్వ, నగదు, బ్యాంకు కలిపి: 40,000
సభ్యత్వ చందాలు: 78,000
దండారి విరాళాలు: 60,000
సంచిక ప్రకటనలు: 20,000
జీవిత సభ్యత్వ రుసుము, పదిమంది: 50,000
మొత్తం: 2,48,000

చెల్లింపులు
గది అద్దె: 55,000
దండారి ఖర్చులు: 80,000
సంచిక ఖర్చు: 15,000
గిన్నెలు: 40,000
రాతకోతలు, చిల్లర ఖర్చులు: 8,000
ముగింపు నిల్వ: 50,000
మొత్తం: 2,48,000

ఈ ఖాతా ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది: డబ్బు చేయి మారిందా? మారితే రాసుకుంటుంది, మారకపోతే రాసుకోదు. ఆ డబ్బు ఏ సంవత్సరానిది, దానితో కొన్నది రేపటికి మిగిలేదా ఈరోజే అయిపోయేదా, ఇవన్నీ దానికి పట్టవు. నిరుటి బకాయి ఈ ఏడు వసూలైనా రాస్తుంది, వచ్చే ఏటి చందా ముందే ఇచ్చినా రాస్తుంది. గంగాళం కొన్నా చెల్లింపే, చాయ్ తాగినా చెల్లింపే.

దీనికి గొప్ప గుణం ఒకటి ఉంది. దీని చివరి అంకెను పట్టుకుని చూడవచ్చు. ఖాతా 50 వేలు అంటే, బ్యాంకు పాస్‌బుక్కులో ఉన్నదీ పెట్టెలో ఉన్నదీ కలిపి సరిగ్గా 50 వేలు ఉండాలి. చెక్కు ఇచ్చి అది ఇంకా బ్యాంకులో జమ కాకపోతే ఆ తేడాను రాసి చూపాలి. అంతకు మించి ఒక్క రూపాయి తేడా ఉన్నా వెతకాల్సిందే. కోశాధికారి నిజాయితీకి పరీక్ష ఈ ఖాతాయే. మా అన్న ఈ పరీక్షలో పూర్తిగా నెగ్గాడు.

సంఘం ఈ ఏడాది తన కాళ్ల మీద తాను నిలబడిందా లేదా అన్నది మాత్రం ఈ ఖాతా చెప్పలేదు. మన కింది అంతస్తులో ఉన్న సేఠ్‌ను చూడండి. రాత్రి షట్టర్ దించే ముందు రోకడ్ బహీ తెరిచి, ఆ రోజు జమలు, చెల్లింపులు కూడి, గల్లాలోని డబ్బుతో సరిచూసుకుంటాడు. ఆ పని అయ్యాక గల్లాను చూసి “ఇంత లాభం వచ్చింది” అనడు. ఎవరికి సరుకు అరువిచ్చాడో, తాను ఎవరికి బాకీ ఉన్నాడో తెలుసుకోవడానికి ఇంకో పుస్తకం, ఖాతా బహీ తీస్తాడు. ఈ గొడవంతా చెబితే ఆయన మాతో అన్న మాట ఇది: “గల్లా నిండిందంటే బాకీ కట్టలేదేమో బేటా, ముందు అది చూడు.” మా సంఘం కథ అచ్చంగా అదే.

ఇప్పుడు రెండో లెక్క. దీన్ని ఆదాయ–వ్యయాల ఖాతా అంటారు. వ్యాపారికి లాభనష్టాల ఖాతా ఎలాంటిదో, లాభం కోసం కాకుండా నడిచే సంఘానికి, క్లబ్బుకు ఇది అలాంటిది. చివర లాభం, నష్టం అనరు. మిగులు, లోటు అంటారు. ఇందులో వ్యయాన్ని ఎడమ పక్క, ఆదాయాన్ని కుడి పక్క రాస్తారు. అంటే మొదటి ఖాతాకు పక్కలు తారుమారు అవుతాయి. ఇది అడిగే ప్రశ్న వేరు: ఈ ఏడాదికి చెందిన ఆదాయం ఎంత, ఈ ఏడాదికి చెందిన వ్యయం ఎంత? డబ్బు చేతికి వచ్చిందా రాలేదా అన్నది ఇక్కడ అనవసరం.

మొదటి ఖాతా నుంచి రెండో ఖాతాకు వెళ్లేటప్పుడు మేం నాలుగు చోట్ల ఆగాం. ఒక్కొక్కటీ చెబుతాం.

మొదటిది చందాలు. 78 వేలు వసూలయ్యాయి. రసీదు పుస్తకం తెరిచి ప్రతి రసీదు ఏ ఏటికి చెందిందో వేరు చేశాం. 9 వేలు అంతకు ముందు ఏటి బకాయి. 12 వేలు వచ్చే ఏటికి ముందే కట్టినవి, ఉద్యోగం మీద బయటి ఊర్లకు వెళుతున్న 20 మంది ఇచ్చినవి. ఈ ఏటివి 57 వేలే. మరి ఈ ఏటి చందా ఎంత రావాలి? వార్షిక సభ్యులు 120 మంది, ఏడాదికి 600. అంటే 72 వేలు. కాబట్టి ఇంకా 15 వేలు బకాయి. ఆదాయంలో రాయాల్సింది 78 వేలు కాదు, 57 వేలు కాదు, 72 వేలు. ముందే వచ్చిన 12 వేలు మన ఆదాయం కాదు. వచ్చే ఏడాది ఆ సభ్యులకు మనం ఇవ్వాల్సిన సేవ అది, అంటే మన మీద బాకీ.

ఇక్కడ మీకో చిన్న ఉపాయం. ఏ సంఘం లెక్క చేతికిచ్చినా, సభ్యుల సంఖ్యను చందాతో గుణించి చూడండి. ఆదాయ–వ్యయాల ఖాతాలో ఆ అంకె రాకపోతే ఎవరో వసూలైన డబ్బునే ఆదాయంగా రాశారని అనుమానించవచ్చు. ఏడాది మధ్యలో చేరినవాళ్లు, మానేసినవాళ్లు ఉంటే ఆ తేడా లెక్క అడగండి.

రెండోది ఇవ్వాల్సి ఉండి ఇవ్వని డబ్బు. గది అద్దె నెలకు 5 వేలు. మేం చెల్లించింది 55 వేలు, అంటే పదకొండు నెలలదే. మార్చి అద్దె ఏప్రిల్ మొదటి వారంలో ఇద్దామని ఆగాం. కానీ మార్చిలో గది వాడుకున్నాం గదా. కాబట్టి వ్యయం 60 వేలు. దండారికి వేసిన టెంటు, లైట్ల బిల్లులో 12 వేలు బాకీ ఉంది. పండుగ అయిపోయింది, టెంటు విప్పేశారు, బాకీ మాత్రం మిగిలింది. దండారి వ్యయం 80 వేలు కాదు, 92 వేలు. ఈ రెండు బాకీలూ కలిపి 17 వేలు. మనం చప్పట్లు కొట్టిన 50 వేలల్లో ఈ 17 వేలు మనవి కావు.

ఈ బాకీలు నగదు పుస్తకంలో ఎక్కడా కనబడవు, ఎందుకంటే ఇంకా చేయి మారలేదు. వాటిని పట్టుకోవడానికి ఒక దారి ఉంది. ఏప్రిల్, మే నెలల్లో చెల్లించిన బిల్లులు తీసి, ఆ పని మార్చి 31 లోపు జరిగిందా అని ఒక్కొక్కటీ చూడాలి. టెంటు బాకీ మాకు అలాగే దొరికింది.

మూడోది గిన్నెలు. ఇది అందరికీ తికమక పెట్టేది. 40 వేలు చెల్లించాం, నిజమే. కానీ అది ఖర్చయిపోయిందా? రేపు ఈ గది తాళం తీస్తే గంగాళాలు ఇక్కడే ఉంటాయి. దండారికి కొన్న బియ్యం వండగానే అయిపోయింది, గంగాళం అయిపోలేదు. ఏళ్ల తరబడి పనికొచ్చే వస్తువు మీద పెట్టిందాన్ని మూలధన వ్యయం అంటారు. అది ఆదాయ–వ్యయాల ఖాతాలోకి మొత్తంగా రాదు. ఆస్తి–అప్పుల పట్టీలో ఆస్తిగా కూర్చుంటుంది. అయితే గిన్నె కూడా అరుగుతుంది, సొట్టలు పడుతుంది, అడుగు పలచబడుతుంది. ఆ అరుగుదలలో ఈ ఏటి వంతును తరుగుదల అంటారు. ఆ వంతే ఈ ఏటి వ్యయం. మన వాడకానికి ఇవి పదేళ్లు వస్తాయని కమిటీ అనుకుంది. 40 వేలను పదితో భాగిస్తే ఏడాదికి 4 వేలు. కొన్నది అక్టోబరులోనే అయినా, మొదటి ఏడాది నుంచే పూర్తి తరుగుదల రాయాలని తీర్మానించాం.

తరుగుదల అంచనా మాత్రమే. పదేళ్లు అన్నది దేవుడు చెప్పింది కాదు. ఎనిమిదేళ్లు అనుకుంటే ఏడాదికి 5 వేలు అవుతుంది. ఏది అనుకున్నా ప్రతి ఏడూ అదే పద్ధతి పాటించాలి. లోటు వచ్చిన ఏడాది తగ్గించి, మిగులు వచ్చిన ఏడాది పెంచకూడదు.

గిన్నెల దగ్గర ఇంకో మాట. ఈ బజారులో తొందరగా కొంటే చేతికి కచ్చా చీటీ వస్తుంది. బరువు, ధర, మొత్తం మాత్రమే ఉంటాయి. మేం అడిగి సంఘం పేరు మీద పక్కా బిల్లు రాయించుకున్నాం. చీటీతో నగదు లెక్క నడవవచ్చునేమో గానీ, పదేళ్లు పుస్తకాల్లో ఉండే ఆస్తికి అది చాలదు. రేపటి కమిటీకి ఆ గంగాళం సంఘానిదని చూపేది ఆ బిల్లు, దానితో పాటు వస్తువుల పుస్తకంలో రాసుకున్న వరస.

నాలుగోది జీవిత సభ్యత్వం. పదిమంది అన్నలు, అక్కలు తలా 5 వేలు కట్టి జీవిత సభ్యులయ్యారు. 50 వేలు ఒక్కసారిగా వచ్చాయి. ఇది ఈ ఏటి ఆదాయమేనా? వాళ్లు ఇంకెప్పుడూ చందా కట్టరు. ఈ ఏడాదికీ, వచ్చే ఏడాదికీ, ఇరవై ఏళ్ల తర్వాతి ఏడాదికీ కలిపి కట్టిన డబ్బు అది. అందుకే దాన్ని మూలధన వసూలుగా భావించి విడిగా జీవిత సభ్యత్వ నిధిలో పెడతారు. కొన్ని సంఘాలు దాన్ని కొన్నేళ్లకు పంచి, ఏటా ఒక వంతు ఆదాయంగా చూపుతాయి. ఒకే ఏడాదిలో మొత్తాన్ని ఆదాయం అనడం మాత్రం కళ్లకు గంతలు కట్టుకోవడమే.

ఈ నాలుగూ సర్దాక వచ్చిన రెండో లెక్క ఇది.

వ్యయం
గది అద్దె (55,000 + బాకీ 5,000): 60,000
దండారి (80,000 + బాకీ 12,000): 92,000
సంచిక: 15,000
రాతకోతలు, చిల్లర ఖర్చులు: 8,000
గిన్నెల తరుగుదల: 4,000
మొత్తం: 1,79,000

ఆదాయం
చందాలు (57,000 + బకాయి 15,000): 72,000
దండారి విరాళాలు: 60,000
సంచిక ప్రకటనలు: 20,000
మొత్తం: 1,52,000
లోటు: 27,000

పెట్టెలో పది వేలు పెరిగిన ఏడాదే సంఘం 27 వేల లోటులో నడిచింది. రెండూ నిజాలే. ఒకటి అబద్ధం అయి ఇంకొకటి నిజం కావాల్సిన పని లేదు.

ఆ చెల్లె అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలం. ఏడాది 27 వేలు కిందికి లాగింది. గిన్నెలు ఇంకో 40 వేలు లాగాయి. రావాల్సిన 15 వేల చందాలు రాలేదు. మొత్తం 82 వేలు కిందికి. మరి పైకి ఎత్తిందేమిటి? జీవిత సభ్యుల 50 వేలు. మనం ఇవ్వకుండా ఆపుకున్న 17 వేలు. వచ్చే ఏటి చందా 12 వేలు. నిరుటి బకాయి 9 వేలు. లెక్కలో వ్యయంగా రాసినా చేయి దాటని తరుగుదల 4 వేలు. ఇవి 92 వేలు. 92లో 82 తీసేస్తే పది. పెరిగిన పది వేలు అక్కడివి. రెండు ఖాతాలను ఇలా ఒకదాని నుంచి ఇంకొకదానికి నడిపించగలిగితేనే లెక్క పూర్తిగా అర్థమైనట్టు. ఎక్కడైనా ఒక్క రూపాయి కుదరకపోతే ఏదో పద్దు జారిపోయిందన్నమాట.

ఇక ఆస్తి–అప్పుల పట్టీ. మార్చి 31న సంఘం దగ్గర ఉన్నవి: నగదు, బ్యాంకు 50 వేలు, రావాల్సిన చందాలు 15 వేలు, గిన్నెలు 36 వేలు. మొత్తం లక్షా వెయ్యి. దీనికి ఎదురుగా అద్దె, టెంటు బాకీలు 17 వేలు, ముందే వచ్చిన చందాలు 12 వేలు, జీవిత సభ్యత్వ నిధి 50 వేలు. ఇవి పోగా మిగిలేది 22 వేలు. ఏడాది మొదట్లో 40 వేల నగదు, 9 వేల బకాయి చందాలు కలిపి మన మూలధన నిధి 49 వేలు. అందులోంచి 27 వేల లోటు పోతే 22 వేలు. రెండు దారుల్లో వెళ్లినా అదే అంకె వచ్చింది. ఆ రోజు రాత్రి ఈ అంకె కలిసినప్పుడు మేం చప్పట్లు కొట్టలేదు గానీ, కోశాధికారి అన్న మాత్రం తేలికగా ఊపిరి పీల్చుకున్నాడు.

లోటు ఎక్కడ పుట్టిందో కూడా ఈ రెండో ఖాతాయే చూపింది. చందాల 72 వేలు పక్కన పెట్టి చూడండి. గది అద్దె 60, చిల్లర ఖర్చులు 8, తరుగుదల 4. సరిగ్గా 72. అంటే అందరూ చందా కడితే గది తన కాళ్ల మీద నిలబడుతుంది. సంచిక మీద ప్రకటనలు 20 వేలు, ఖర్చు 15 వేలు, అంటే 5 వేలు మిగిలాయి. దండారి మీద విరాళాలు 60 వేలు, వ్యయం 92 వేలు. అక్కడ 32 వేలు తగ్గాయి. 32లో 5 తీస్తే 27. మన లోటంతా పండుగదే. దాన్ని పూడ్చింది జీవితాంతం కోసం పదిమంది ఇచ్చిన డబ్బు, ఇంకా టెంటు అన్న ఓపిక.

ఆ రోజు 45 వేలు పెట్టి మైకు సెట్టు కొని ఉంటే 5 వేలు మిగిలేవి. ఆ 5 వేలు మార్చి అద్దెకే సరిపోయేవి. టెంటు బాకీకి డబ్బు ఉండేది కాదు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు రెండు రాత్రులు తలదాచుకునే గది ఇది. ఒక నెల అద్దె ఆగిపోతే ఇంటి ఓనరు ముందు మాట పడేది ఏ ఒక్కరో కాదు, మనందరం.

జీవిత సభ్యత్వం గురించి కూడా ఒక చేదు నిజం బయటపడింది. ఆ పదిమంది నిరుటి దాకా ఏటా 600 కట్టినవాళ్లే. అంటే ఇక మీదట ప్రతి ఏడూ మనకు 6 వేల చందా తగ్గుతుంది. వాళ్లిచ్చిన 50 వేలు మొత్తం బ్యాంకులో వేసినా, ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 3,500 వస్తుంది. అంటే రుసుము పెట్టినప్పుడే తక్కువ పెట్టాం. 600 చందాకు బదులు నిలవాలంటే అదే వడ్డీకి ఒక్కొక్కరి దగ్గర దాదాపు 8,600 ఉండాలి. ఈ గుణకారం మేం ఎప్పుడూ వేయలేదు.

అందుకని రెండు వారాల తర్వాత మూడు పనులు తీర్మానించాం. అద్దె, టెంటు బాకీలు వెంటనే తీర్చాం. జీవిత సభ్యత్వ రుసుము ఇక నుంచి వస్తే అది విడి ఖాతాలో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉండాలి, వడ్డీ మాత్రమే వాడాలి. దండారికి, వచ్చిన విరాళాలకు మించి ఖర్చు పెట్టాలంటే ముందుగా కమిటీ తీర్మానం కావాలి. మైకు సెట్టు ఇప్పటికి కొనలేదు. కావాలన్న తమ్ముడే ఇప్పుడు దాని కోసం విడిగా విరాళాలు పోగు చేస్తున్నాడు.

రెండో ఖాతా గొప్పది గదా, మొదటిది ఎందుకు అనుకోవద్దు. ఆదాయ–వ్యయాల ఖాతాకూ గుడ్డితనం ఉంది. రావాల్సిన 15 వేల చందాలను అది ఆదాయంగా రాసుకుంది. ఆ 25 మందిలో కొందరు ఫోన్ నంబరే మార్చేశారు. అవి రాకపోతే వచ్చే ఏడాది వాటిని రాని బాకీగా వ్యయంలో రాయాల్సి వస్తుంది. మిగులు చూపే ఖాతా చేతిలో ఉండి కూడా, అద్దెకు డబ్బుల్లేక తిప్పలు పడిన సంఘాలు ఉంటాయి. రేపు చెక్కు చెల్లుతుందా అన్నదానికి మొదటి ఖాతా, ఇలాగే నడిస్తే మూడేళ్లకు సంఘం ఉంటుందా అన్నదానికి రెండో ఖాతా.

రెండింటిలోనూ కనబడనివి కూడా ఉన్నాయి. దండారి బృందం వెళ్లిన ఊరు పెట్టిన అన్నం, గుస్సాడీ నెమలి ఈకల టోపీ కట్టిన చేతుల పని, గుమేలా వాయించినవాళ్ల రాత్రులు ఏ ఖాతాలోనూ రావు. అవి డబ్బుతో కొలిచేవి కావు కాబట్టి రావు. కానీ ఊరు బియ్యం ఇవ్వకపోతే మన 92 వేలు ఇంకెంత అయ్యేదో గుర్తు పెట్టుకోండి. మేం అలా వచ్చిన బియ్యం, పప్పు సంగతి లెక్క కింద ఒక మాటగా రాసి పెడుతున్నాం.

చివరగా, రేపు మీలో ఎవరో ఒకరు కోశాధికారి అవుతారు, మిగతావాళ్లు ఆ లెక్క వినేవాళ్లు అవుతారు. వినేవాళ్ల కోసం ఇది చెప్పి ముగిస్తాం. చేతికిచ్చిన కాగితం మీద “ఆదాయ–వ్యయాల ఖాతా” అని రాసి ఉన్నా, మొదటి వరసలో ప్రారంభ నిల్వ, చివరి వరసలో బ్యాంకు నిల్వ కనబడితే అది వసూళ్లు–చెల్లింపుల ఖాతాయే, పేరు మాత్రం మార్చారు. వస్తువులున్న సంఘం లెక్కలో తరుగుదల లేకపోయినా, పన్నెండు నెలల గదికి పదకొండు నెలల అద్దె ఉన్నా చెయ్యెత్తండి. అడిగేటప్పుడు ఆ చెల్లె అడిగినట్టు అడగండి. ఆమె మనిషిని అడగలేదు, అంకెను అడిగింది. అందుకే ఆ అన్న ఈ ఏడు కూడా మన కోశాధికారిగానే ఉన్నాడు, ఆ చెల్లె లెక్కల కమిటీలో ఆయన పక్కన కూర్చుంది.

కింద గంగాళంలో అన్నం ఉడికినట్టుంది. అందరూ తిని వెళ్లండి.